లేఅవుట్ కదల్చకుండా హాల్ మార్చడం: మినిమలిస్ట్ నుంచి మిడ్ సెంచరీకి ఒక కేస్ స్టడీ

ఇంటివాళ్లు మొదటి రోజే ఒక షరతు పెట్టారు. సోఫా ఉన్నచోట సోఫా, టీవీ ఉన్నచోట టీవీ, కుర్చీ ఉన్నచోట కుర్చీ ఉండాలి. గోడలు తవ్వేది లేదు, ప్లగ్ పాయింట్లు మార్చేది లేదు, నేల మార్చేది లేదు. ఫర్నిచర్, రంగులు మాత్రం మా ఇష్టం. "ఈ హాల్లో నడవడం, కూర్చోవడం అన్నీ బాగానే ఉన్నాయండీ. కానీ లోపలికి వస్తే క్లినిక్‌లోకి వచ్చినట్టుంటుంది" అని ఇంటావిడ అన్నారు. షరతు సబబైందే. డిజైనర్‌గా ఆ లేఅవుట్‌ని నేనూ మార్చేవాణ్ణి కాదు.

గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పొడుగాటి గోడకి ఆనుకుని సోఫా, ఎదుటి గోడ మీద టీవీ. ఒక పొట్టి గోడలో ఇంట్లోకి వచ్చే తలుపు, రెండో పొట్టి గోడలో బాల్కనీ తలుపు. తలుపు నుంచి బాల్కనీకి వెళ్లే దారి టీపాయ్‌కీ టీవీ యూనిట్‌కీ మధ్య నుంచి పోతుంది. కూర్చున్నవాళ్ల కాళ్లు దాటుకుంటూ ఎవరూ నడవక్కర్లేదు. బాల్కనీ వైపు మూలలో ఒక కుర్చీ.

పాత సామాను మినిమలిస్ట్ పద్ధతిలో పొందిగ్గా ఎంచుకున్నదే. నేలకి దాదాపు ఆనుకుని ఉండే లేత బూడిద రంగు సోఫా, గోడకి వేలాడదీసిన తెల్లటి టీవీ యూనిట్, నల్ల ఇనుప ఫ్రేము మీద గాజు టీపాయ్, డబ్బాలాంటి కుర్చీ, నీలం ఛాయ ఉన్న తెల్ల గోడలు, మెరిసే తెల్ల టైల్స్, పైన చల్లటి తెల్ల వెలుతురిచ్చే 4000 కెల్విన్ సీలింగ్ లైట్లు.

ఈ రెండు శైలుల మధ్య దూరం పైకి కనిపించేంత లేదు. మిడ్ సెంచరీ అని మనం పిలిచేది స్థూలంగా 1940ల మధ్య నుంచి 1960ల చివరి దాకా వచ్చిన పనితనం. అలంకారం తగ్గించడం, చేసే పనిని బట్టి ఆకారం ఉండడం, గదిలో ఖాళీకి విలువివ్వడం రెండింటికీ ఉమ్మడి. అందుకే ఒకదాని లేఅవుట్ రెండోదానికి సరిపోతుంది. తేడా మూడు చోట్ల ఉంటుంది: వస్తువు నేలని ఎలా తాకుతోంది, పక్క నుంచి చూస్తే ఎంత సన్నగా ఉంది, గదిలో మధ్యస్థపు ముదురు రంగులు ఎన్ని ఉన్నాయి. ఈ మూడూ పట్టించుకోకుండా ఆ కాలపు కుర్చీ ఒకటి తెచ్చి పెడితే, అది గదిలో అతిథిలా మిగిలిపోతుంది.

సోఫా దగ్గర వచ్చిన 8 అంగుళాలు

లేఅవుట్ అలాగే ఉంచడం తేలిక పని అనుకుంటారు. సోఫా కొలత తీసిన క్షణం నుంచే అసలు చిక్కు మొదలవుతుంది. పాత సోఫా లోతు 40 అంగుళాలు. గోడకి 2 అంగుళాలు వదిలి వేశారు కాబట్టి దాని ముందు అంచు గోడ నుంచి 42 అంగుళాల దగ్గర ఉంది. అక్కడి నుంచి 16 అంగుళాల ఖాళీ, తర్వాత 24 అంగుళాల టీపాయ్. అంటే టీపాయ్ అవతలి అంచు 82 అంగుళాల దగ్గర. గది వెడల్పు 144 అంగుళాలు, టీవీ యూనిట్ లోతు 14. నడిచే దారికి 48 అంగుళాలు మిగిలింది.

మిడ్ సెంచరీ సోఫాలకి అంత లోతు ఉండదు. వాటిలో ఒరగడం కన్నా నిటారుగా కూర్చోవడమే ఎక్కువ. మేం ఖాయం చేసిన సోఫా లోతు 32 అంగుళాలు. పాత సోఫాలాగే గోడకి ఆనించి వేస్తే ముందు అంచు 34 దగ్గరే ఆగిపోతుంది. టీపాయ్ 24 అంగుళాల దూరమవుతుంది. కప్పు పెట్టాలంటే ముందుకి వంగాలి. అప్పుడు ఎవరో ఒకరు టీపాయ్‌ని సోఫా వైపు లాగుతారు, రగ్గు దాని వెంట వస్తుంది, వారం తిరిగేసరికి లేఅవుట్ ఎవరూ అనుకోని చోటికి చేరుతుంది.

అందుకని నా పద్ధతి ఏమిటంటే, వస్తువు వెనక అంచు ఎక్కడుందో వదిలేసి, మనిషి వైపున్న అంచుని స్థిరంగా పట్టుకోవడం. సోఫా ముందు అంచు 42 దగ్గరే ఉంచాం. వెనక 10 అంగుళాల ఖాళీ వచ్చింది. డబ్బా సోఫాని ఇలా గోడకి ఎడంగా వేస్తే ఏదో సర్దడం మరిచిపోయినట్టుంటుంది. కాళ్ల మీద నిలబడే సోఫాకి మాత్రం ఆ ఖాళీ నప్పుతుంది, కింద నుంచి నేల గోడ దాకా కనబడుతుంది గనక. ఒక్క జాగ్రత్త: వెనక భాగం కూడా ముందు భాగంలా ఫినిష్ చేసి ఉండాలి. గోడకి ఆనించి వాడడానికని వెనక పల్చటి నల్ల గుడ్డ కొట్టేసిన సోఫాలు చాలా వస్తుంటాయి. కొనే ముందు వెనక్కి తిప్పి చూడాలి.

పాత టీవీ యూనిట్‌కి బదులు టీవీ కింద పెట్టిన సైడ్‌బోర్డ్ లోతు 18 అంగుళాలు కావడంతో నడిచే దారి 48 నుంచి 44కి తగ్గింది. ఇద్దరు ఎదురెదురుగా తప్పుకోవడానికి అది చాలు. అదే 36 కంటే తగ్గేలా ఉంటే సైడ్‌బోర్డ్‌నే చిన్నది చేయించేవాళ్లం.

ఎత్తులు కూడా ఇలాగే ఒకదాన్నొకటి లాగుతాయి. పాత సోఫాలో కూర్చుంటే మనిషి నేల నుంచి 14 అంగుళాల దాకా దిగిపోయేవాడు. కొత్తదాని సీటు 17 అంగుళాలు, పెద్దగా కుంగదు. టీపాయ్ సీటు కన్నా ఒకటి రెండు అంగుళాలు తక్కువ ఉంటే చేతికి అందుతుంది కాబట్టి 12 అంగుళాల పాత ఎత్తు పనికిరాదు, 16 కావాలి. కూర్చున్నవాళ్ల కళ్లు పైకి జరిగాయి కనక టీవీ మధ్య భాగాన్ని కూడా 38 నుంచి 42 అంగుళాలకి ఎత్తాం. 55 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 27 అంగుళాలు, కాబట్టి దాని కింది అంచు 28న్నర దగ్గరికి వచ్చింది. దీన్ని బట్టే సైడ్‌బోర్డ్ ఎత్తు 24 అని తేలింది. 27 పెట్టి ఉంటే టీవీ దాని నెత్తిన కూర్చున్నట్టుండేది. మధ్యలో ఓ నాలుగైదు అంగుళాల గోడ కనబడితే రెండూ విడిగా ఊపిరి తీసుకుంటాయి.

కాళ్ల సంగతి

ఈ శైలికి గుర్తు కాళ్లే. కింది వైపుకి సన్నబడుతూ, కొద్దిగా బయటికి వాలి ఉంటాయి. ఇబ్బంది కూడా వాటితోనే. బాల్కనీ మూలలో పాత కుర్చీ 32 అంగుళాల చదరం, పైన ఎంతో కిందా అంతే. కొత్త కుర్చీని కాగితం మీద చూస్తే ఇంకా చిన్నది: 28 వెడల్పు, 30 లోతు. కానీ దాని వెనక కాళ్లు వీపు భాగం దాటి మూడు అంగుళాలు బయటికి పోతాయి. ఆ కుర్చీ వెనకే బాల్కనీ తలుపు దారి. నడిచే మనిషి చూపు కుర్చీ వీపు మీద ఉంటుంది, కాలి చిటికెన వేలు నేల మీద ఉంటుంది. అక్కడే తగులుతుంది.

కాబట్టి వాలు కాళ్ల వస్తువుని కాళ్ల కొనల దగ్గర కొలవాలి. షోరూమ్‌లో నాలుగు కొనల మధ్య దూరాలు తీసుకొచ్చి, ఇంట్లో నేల మీద మాస్కింగ్ టేప్‌తో ఆ నాలుగు చుక్కలు పెట్టాం. రెండు రోజులు అలాగే ఉంచి మామూలుగా తిరగమని చెప్పాం. పిల్లవాడు బాల్కనీలోకి పరిగెత్తేటప్పుడు ఒక చుక్కని ప్రతిసారీ తొక్కుతున్నాడని ఆవిడ గమనించి చెప్పారు. కుర్చీని స్థానం మార్చకుండానే కాస్త సోఫా వైపు తిప్పాం. ఆ కాలు దారిలోంచి గోడ వైపుకి వెళ్లిపోయింది.

రెండో ఇబ్బంది చూపుకి సంబంధించింది. సోఫాకి నాలుగు, కుర్చీకి నాలుగు, సైడ్‌బోర్డ్‌కి నాలుగు, టీపాయ్‌కి ఇంకో నాలుగు అయితే నేల మీద పుల్లలు గుచ్చినట్టుంటుంది. మినిమలిస్ట్ గదిలో ఉన్న ప్రశాంతత పోవడానికి ఎక్కువసార్లు కారణం రంగులు కావు, ఇదే. ఒక వస్తువైనా కాళ్లు లేకుండా బరువుగా నేల మీద కూర్చోవాలి. ఈ గదిలో ఆ పని టీపాయ్‌కి అప్పజెప్పాం: కోడిగుడ్డు ఆకారపు టేకు పలక, కింద కాళ్లకి బదులు ఒకదానికొకటి అడ్డంగా దూర్చిన రెండు మందపాటి చెక్క పలకలు. శిల్పి ఇసాము నొగుచి 1940లలో రూపొందించిన గాజు టీపాయ్ కూడా కాళ్లు లేకుండా రెండు చెక్క ముక్కల మీదే నిలబడుతుంది. అంటే ఆ కాలంలో అన్నింటికీ సన్నకాళ్లే ఉండేవనుకోవడం సరికాదు.

సైడ్‌బోర్డ్ చేయించిందే. ఆరడుగుల పొడవు, 8 అంగుళాల కాళ్లు, ఒక్కో కాలు పైన అంగుళంన్నర మందం, కింద ముప్పావు అంగుళం. కాలుని మూల నుంచి నాలుగు అంగుళాలు లోపలికి పెట్టించాం. సరిగ్గా మూలలోనే పెడితే బల్లలా కనబడుతుంది. వాలు మరీ తక్కువైతే వంకరగా బిగించారనిపిస్తుంది, మరీ ఎక్కువైతే బొమ్మల సామానులా ఉంటుంది. పది పన్నెండు డిగ్రీల దగ్గర కంటికి కుదురుతుంది.

ఆరడుగుల పెట్టె నాలుగు చివరి కాళ్ల మీద నిలబడితే కాలక్రమేణా నడుము దగ్గర కిందికి కుంగుతుంది. అది మొదట తలుపుల దగ్గర తెలుస్తుంది. మధ్యలో కలిసే రెండు తలుపుల మధ్య సందు పైనా కిందా సమానంగా ఉండదు, జరిపే తలుపైతే మధ్యలో పట్టేస్తుంది. కార్పెంటర్ ముందే అడిగాడు: "సార్, మధ్యలో ఇంకో కాలు ఇద్దామా?" ఇవ్వొచ్చు, కానీ ముందు వైపు నుంచి కనబడుతుంది. దానికి బదులు కాళ్లన్నింటినీ ఒక చెక్క ఫ్రేముకి బిగించి, ఆ ఫ్రేము మీద పెట్టెని కూర్చోబెట్టాం. వెనక వరసలో మాత్రం మధ్యన ఒక తిన్నని కాలు ఇచ్చాం, నీడలో ఉంటుంది కాబట్టి కళ్లబడదు.

పాలిష్ విషయంలో కార్పెంటర్‌తో కాస్త వాదించాల్సి వచ్చింది. మెరుపు లేకపోతే పని పూర్తి కాలేదనుకుంటారని అతని భయం. ఆ కాలపు డేనిష్ టేకు సామానులో చాలా భాగం నూనె పట్టించి వదిలేసినదే. అద్దంలా మెరిసే కోటింగ్ వేస్తే అదే టేకు మరో కాలానికి చెందినట్టు కనబడుతుంది. రోజూ తుడిచే ఇల్లు కనక నూనె వద్దనుకుని మెరుపు లేని మ్యాట్ పీయూ కోటింగ్ వేయించాం. తలుపుల వెనీర్ అంతా ఒకే షీట్ నుంచి వరసగా కోయించాం. చెక్క గీతలు ఒక తలుపు నుంచి పక్క తలుపుకి తెగకుండా సాగుతాయి. హ్యాండిల్స్ లేని మినిమలిస్ట్ గీత ఇక్కడ మళ్లీ పనికొచ్చింది: తలుపు పై అంచునే లోపలికి చెక్కించి వేలు పట్టేలా చేయించాం.

వైర్ల సంగతి చాలామంది ఆలోచించరు. పాత యూనిట్ గోడకి అతుక్కుని ఉండేది, వైర్లన్నీ దాని వెనక దాక్కునేవి. కాళ్ల మీద లేచిన పెట్టె కింద అవే వైర్లు వేలాడుతూ కనబడతాయి. ప్లగ్ పాయింట్ 12 అంగుళాల ఎత్తులో ఉండడం మా అదృష్టం, పెట్టె వెనకకే వచ్చింది. వెనక పలకకి అక్కడ కిటికీలా కోసి, అడుగు పలకకి లోపలివైపు వైర్ ట్రే బిగించాం.

రంగులకి ముందు బల్బులు

పెయింట్ షేడ్ కార్డు తెరవకముందే బల్బులు మార్చాం. 4000 కెల్విన్ వెలుతురు టేకు మీద పడితే పేలవంగా కనబడుతుంది, ఆలివ్ ఆకుపచ్చ బూడిదలోకి దిగిపోతుంది. ఆ వెలుతురులో రంగు ఎంచుకుని ఆ తర్వాత బల్బు మారిస్తే, ఎంచుకున్న రంగు ఇక అక్కడ ఉండదు. పాయింట్లు అవే ఉంచి వెచ్చటి వెలుతురిచ్చే 2700 కెల్విన్ బల్బులు వేశాం, రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సీఆర్ఐ 90 పైన ఉన్నవి. సైడ్‌బోర్డ్ మీద ఒక టేబుల్ ల్యాంప్, కుర్చీ పక్కన ఒక నిలువు ల్యాంప్ చేర్చాం. సాయంత్రం పైలైట్లు ఆర్పేసి ఈ రెండే వేస్తే, వెలుతురు కళ్ల ఎత్తులోకి దిగి చెక్క పక్కల మీద పడుతుంది. సగం మార్పు దీనితోనే వచ్చేసింది.

తర్వాత పాత గది ఫొటో తీసి ఫోన్‌లో నలుపు తెలుపులోకి మార్చి చూశాం. గోడ, సోఫా, నేల, కర్టెన్ అన్నీ దాదాపు ఒకే తెలుపు. వాటి మధ్య టీవీ, టీపాయ్ ఫ్రేము నల్లటి గీతలు. మధ్యలో ఏమీ లేదు. మిడ్ సెంచరీ గది బతికేదే ఆ మధ్యలో: టేకు, వాల్‌నట్, ఆలివ్, ఇటుక రంగు, ఆవ పసుపు, అన్నింటిలోనూ కాస్త గోధుమో నలుపో కలిసి ఉంటుంది. ఆ కాలమంటే గాఢమైన రంగులనుకుని స్వచ్ఛమైన నారింజ, నెమలి నీలం తెచ్చేస్తే అది పార్టీకి అలంకరించిన గది అవుతుంది. ప్రతి దశలోనూ అదే నలుపు తెలుపు ఫొటో తీసి చూసుకున్నాం. మధ్య బూడిదలు పెరుగుతున్నాయా అన్నదే ప్రశ్న.

ఎంచుకునే వరస చెక్క, గుడ్డ, చివర పెయింట్. చెక్క రంగులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, పెయింట్లో వేల షేడ్లు దొరుకుతాయి. తక్కువ దొరికేదాన్ని ముందు ఖాయం చేసుకోవాలి.

పాత తెల్ల గోడని అలాగే ఉంచొచ్చు కదా అని ఇంటాయన అడిగారు. టేకు నమూనా పలకని ఆ గోడకి ఆనించి చూపించాను. నీలం ఛాయ పక్కన టేకు నారింజ రంగులోకి తిరిగింది, చవక లామినేట్‌లా కనబడింది. తర్వాత పసుపు ఛాయ ఉన్న తెలుపు వేసిన కాగితం పెట్టాను, అదే పలక గోధుమ రంగులోకి వచ్చింది. పక్కనున్న రంగు మన కంటిని తనకి వ్యతిరేకమైన రంగు వైపు నెడుతుంది. ఫ్రాన్స్‌లో గోబెలిన్స్ నేతశాల రంగుల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 19వ శతాబ్దంలో కనిపెట్టింది ఇదే: నల్ల నూలు పేలవంగా ఉందన్న ఫిర్యాదుకి కారణం అద్దకం కాదు, దాని పక్కన నేసిన రంగులు. మూడు గోడలకి ఆ వెచ్చటి తెలుపు వేశాం.

నాలుగోది టీవీ గోడ, దానికి ముదురు ఆలివ్. దీనికి కారణం శైలి ఒక్కటే కాదు. తెల్ల గోడ మీద ఆర్పేసిన టీవీ నల్లటి కంతలా కనబడేది, ముదురు గోడలో అది కలిసిపోతుంది. ఆకుపచ్చ పక్కన టేకులోని ఎరుపు కొద్దిగా పైకి వస్తుంది, సైడ్‌బోర్డ్ అక్కడే ఉంది కాబట్టి ఆ లాభం దానికి దక్కింది.

ఆవిడకి మొదటి నుంచి ఆవ పసుపు సోఫా కావాలని. ఇలాంటి గదుల ఫొటోల్లో చాలా భాగం అదే చూపిస్తాయి మరి. నేను వద్దన్నాను. ఏడడుగుల దాకా ఉన్న పసుపు సోఫా గదిలో ప్రతి నిర్ణయాన్నీ తనే తీసుకుంటుంది. నాలుగడుగుల గుడ్డ తెప్పించి పాత సోఫా మీద పరిచి ఒక రాత్రి ఉంచమన్నాను. మర్నాడు ఆవిడే కుర్చీకి మార్చేయమన్నారు. సోఫాకి గోధుమ, బూడిద నూళ్లు కలిపి నేసిన గరుకు గుడ్డ, కుర్చీకి ఆవ పసుపు, ఇటుక రంగు రగ్గులో మాత్రం. కుర్చీ చేతులు వాల్‌నట్. రెండు రకాల చెక్కలు ఉండొచ్చు, కానీ ఒక్కోటీ కనీసం రెండు చోట్ల కనబడాలి. అందుకే నిలువు ల్యాంపు కాండం కూడా వాల్‌నట్ తీసుకున్నాం.

రగ్గు

డబ్బా సోఫా నేలని మూసేసేది. ఇప్పుడు కాళ్ల మధ్యనుంచి మెరిసే తెల్ల టైల్ అంతా బయటపడింది. దాని మీద టేకు కాళ్లు అద్దం మీద నిలబెట్టినట్టుంటాయి. నేల మార్చకూడదు కాబట్టి రగ్గుని 5×8 అడుగుల నుంచి 6×9కి పెంచాం. గోడ నుంచి 12 అంగుళాల దగ్గర మొదలై 84 దగ్గర ఆగుతుంది, అంటే టీపాయ్ అంచు దాటి రెండు అంగుళాలే. నడిచే దారి దాదాపు అంతా టైల్ మీదే ఉండడంతో రగ్గు అంచు కాలికి తగలదు. సోఫా నాలుగు కాళ్లూ రగ్గు మీదే ఉన్నాయి. ముందు కాళ్లు మాత్రం రగ్గు మీద పెట్టే అలవాటు డబ్బా సోఫాకి సరే. సన్నకాళ్ల సోఫాకి అర అంగుళం తేడా వచ్చినా వెనక్కి వాలినట్టు కనబడుతుంది.

తలుపు పక్కనున్న తెల్ల కప్‌బోర్డుల జోలికి పోలేదు. గోడకి వేసిన వెచ్చటి తెలుపే వాటికీ వేయించాం, గోడలో కలిసిపోయాయి. వాటి తలుపులకీ టేకు అతికించమని అడిగారు కానీ గదిలో ఒక పెద్ద ఖాళీ తలం మిగలాలి. టైల్ మెరుపు మాత్రం ఇప్పటికీ పగటిపూట బాల్కనీ వైపు కనబడుతుంది. దానికి ఈ షరతుల్లో మందు లేదు, పల్చటి లినెన్ కర్టెన్‌తో కాస్త తగ్గించగలిగాం.

సామాను అప్పగించేటప్పుడు చెప్పిన మాట ఒకటుంది. కొత్త టేకు వెలుతురు తగిలేకొద్దీ కొన్ని నెలల్లో బంగారు గోధుమలోకి మారుతుంది, వాల్‌నట్ దానికి తలకిందులుగా కొద్దిగా లేతబడుతుంది. మొదట్లో రెండు చెక్కల మధ్య ఉన్న తేడా అలా తగ్గుతుంది. కానీ సైడ్‌బోర్డ్ మీద ల్యాంప్‌ని ఒకేచోట వదిలేస్తే దాని అడుగున లేత గుండ్రం మిగిలిపోతుంది. కాబట్టి మొదటి కొన్ని నెలలు వారానికోసారి దాన్ని అటూ ఇటూ జరుపుతుండాలి.